కాస్కేడ్ కంట్రోల్: రియాక్టర్ జాకెట్ లెక్క ఒక్కటి పూర్తిగా చేస్తే చాలు

గేట్ కెమికల్ సిలబస్‌లో ప్రాసెస్ కంట్రోల్ చివర్లో కాస్కేడ్ అని ఒక్క మాట ఉంటుంది. చాలామంది బ్లాక్ డయాగ్రమ్ ఒకసారి చూసుకుని ముందుకు వెళ్ళిపోతారు. తిరుపతిలో ప్రిపేర్ అవుతున్నప్పుడు నేను మాత్రం దీని దగ్గర కాస్త ఎక్కువే కూర్చున్నాను. ఒక్క లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేస్తే రౌత్ టెస్ట్, ఆఫ్‌సెట్, కంట్రోలర్ యాక్షన్, జీగ్లర్-నికోల్స్ అన్నీ ఒకే కాగితం మీదికి వచ్చేస్తాయి. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. పెన్ను పట్టుకుని చదవండి.

వేడి పుట్టించే రియాక్షన్, చుట్టూ జాకెట్, జాకెట్‌లో చల్లటి నీళ్ళు. ఒకే లూప్ ఉందనుకుందాం: రియాక్టర్ టెంపరేచర్ చూసి నీళ్ళ వాల్వ్‌ని తిప్పే కంట్రోలర్. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి కాలేలా వచ్చేవి. ప్లాంట్‌లో కూలింగ్ వాటర్ అంత కాగకపోయినా, పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు. నీళ్ళు వేడెక్కాయని ఈ కంట్రోలర్‌కి ఎప్పుడు తెలుస్తుంది? ముందు జాకెట్ వేడెక్కాలి, ఆ తర్వాత లోపలున్న టన్నుల సరుకు వేడెక్కాలి, ఆపైన థర్మోవెల్‌లోని సెన్సర్ కదలాలి. అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

అందుకే జాకెట్ టెంపరేచర్‌ని కూడా కొలిచి, దానికి ఒక కంట్రోలర్ పెడతారు. ఇది సెకండరీ, ప్లాంట్ వాళ్ళు స్లేవ్ అంటారు. వాల్వ్ దీని చేతిలోనే ఉంటుంది. రియాక్టర్ టెంపరేచర్ చూసే ప్రైమరీ, అంటే మాస్టర్, వాల్వ్‌ని ముట్టుకోదు. "జాకెట్ ఇంత ఉండాలి" అని స్లేవ్‌కి సెట్ పాయింట్ మాత్రం ఇస్తుంది.

ఇప్పుడు అంకెలు. టైమ్ అంతా నిమిషాల్లో.

```
G2 = 2/(2s+1)      వాల్వ్ % నుంచి జాకెట్ °C
G1 = 1/(10s+1)     జాకెట్ °C నుంచి రియాక్టర్ °C
H1 = 1/(s+1)       రియాక్టర్ సెన్సర్
H2 = 1             జాకెట్ సెన్సర్
```

G2 గెయిన్ ప్లస్‌లో ఉంది, గమనించారా? చల్లటి నీళ్ళ వాల్వ్ తెరిస్తే జాకెట్ చల్లబడాలి కదా, మైనస్ ఎందుకు లేదు? ఎందుకంటే ఇది ఎయిర్-టు-క్లోజ్ వాల్వ్. గాలి పోతే తెరుచుకుని నీళ్ళు పారాలి, లేకపోతే రియాక్టర్ అదుపు తప్పుతుంది. సిగ్నల్ పెరిగితే వాల్వ్ మూసుకుంటుంది, జాకెట్ వేడెక్కుతుంది. కాబట్టి స్లేవ్ రివర్స్ యాక్టింగ్. మాస్టర్ సంగతి? జాకెట్ సెట్ పాయింట్ పెంచితే రియాక్టర్ వేడెక్కుతుంది, కాబట్టి అదీ రివర్స్. ఇప్పుడు వాల్వ్‌ని ఎయిర్-టు-ఓపెన్‌కి మార్చారనుకోండి. స్లేవ్ డైరెక్ట్ యాక్టింగ్ అవుతుంది, మాస్టర్ మాత్రం రివర్స్‌గానే ఉంటుంది. మాస్టర్‌కి కనిపించేది జాకెట్ సెట్ పాయింట్ ఒక్కటే. వాల్వ్ ఎటు తిరుగుతుందో దానికి అనవసరం. రెండింటినీ మార్చేసిన ఆప్షన్ ఒకటి ఇస్తే చూడ్డానికి చాలా నమ్మకంగా ఉంటుంది, జాగ్రత్త.

ముందుగా స్లేవ్‌ని ట్యూన్ చేయాలి. మాస్టర్‌ని పక్కన పెట్టి, స్లేవ్‌కి మనమే సెట్ పాయింట్ ఇస్తాం. ప్రపోర్షనల్ మాత్రమే, Kc2 = 4.5 అనుకుందాం.

```
లోపలి లూప్ = 9/(2s+1+9) = 0.9/(0.2s+1)
```

ఈ ఒక్క వరుస దగ్గర ఆగండి. జాకెట్ టైమ్ కాన్‌స్టంట్ 2 నిమిషాల నుంచి 0.2 నిమిషాలకు, అంటే 12 సెకన్లకు దిగింది. గెయిన్ 0.9 కాబట్టి సెట్ పాయింట్ 10 డిగ్రీలు పెంచితే జాకెట్ 9 డిగ్రీలే పెరుగుతుంది. ఈ ఆఫ్‌సెట్ చూసి కంగారుపడి ఇంటిగ్రల్ తగిలించక్కర్లేదు. మనకు కావాల్సింది రియాక్టర్ టెంపరేచర్. మాస్టర్‌లో ఇంటిగ్రల్ ఉంటే అదే 10కి బదులు 11.1 అడిగి పని జరిపించుకుంటుంది.

మరి వేడి నీళ్ళ సంగతి? ఆ డిస్టర్బెన్స్ కూడా జాకెట్ లాగ్ ద్వారానే, 1/(2s+1)గా, వస్తుందనుకుంటే, స్లేవ్ ఉన్నప్పుడు దాని ప్రభావం 0.1/(0.2s+1) అవుతుంది. కంట్రోల్ లేనప్పుడు జాకెట్‌ని 5 డిగ్రీలు పెంచే మార్పు ఇప్పుడు అర డిగ్రీ పెంచుతుంది, అంతే. 10 నిమిషాల లాగ్ ఉన్న రియాక్టర్‌కి ఆ కబురు దాదాపుగా అందదు.

ఫస్ట్ ఆర్డర్ లూప్‌లో Kc2 ఎంత పెంచినా అన్‌స్టేబుల్ కాదు కదా, 450 పెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. కాగితం మీద పోతుంది. నిజంగా వాల్వ్ కదలడానికి టైమ్ పడుతుంది, జాకెట్ సెన్సర్‌కీ కొంత లాగ్ ఉంటుంది, కొలతలో నాయిస్ ఉంటుంది. మనం H2 = 1 అని రాసుకున్నంత మాత్రాన అవి మాయం కావు.

స్లేవ్ కుదిరాక దాన్ని కాస్కేడ్ మోడ్‌లో పెట్టి మాస్టర్ దగ్గరికి రావాలి. ఇప్పుడు మాస్టర్‌కి కనిపించే ప్రాసెస్ 0.9/(0.2s+1), G1, H1 కలిసినది.

```
(0.2s+1)(10s+1)(s+1) + 0.9Kc1 = 0
2s³ + 12.2s² + 11.2s + 1 + 0.9Kc1 = 0
రౌత్: 12.2 × 11.2 = 2(1 + 0.9Kc1)
Kc1 = 74.8,  ω = √(11.2/2) = 2.37,  Pu = 2.66 నిమిషాలు
```

కాస్కేడ్ లేకుండా ఒకే లూప్ అయితే:

```
(2s+1)(10s+1)(s+1) + 2Kc = 0
20s³ + 32s² + 13s + 1 + 2Kc = 0
Kc = 9.9,  ω = √(13/20) = 0.806,  Pu = 7.8 నిమిషాలు
```

9.9 ఎక్కడ, 74.8 ఎక్కడ, ఏడున్నర రెట్లు లాభం అని రాసేయకండి. మొదటిది డిగ్రీకి ఇంత శాతం వాల్వ్, రెండోది డిగ్రీకి ఇన్ని డిగ్రీల జాకెట్. యూనిట్లే వేరు. పోల్చాల్సింది మొత్తం లూప్ గెయిన్: 2 × 9.9 = 19.8, 0.9 × 74.8 = 67.3. అసలు లాభం 3.4 రెట్లు. ఊగే పీరియడ్ కూడా దాదాపు మూడో వంతుకు తగ్గింది. అంటే నీళ్ళ వేడి లాంటివే కాదు, ఫీడ్ కాన్‌సంట్రేషన్ మారడం లాంటి రియాక్టర్ లోపలి డిస్టర్బెన్స్‌ని కూడా మాస్టర్ ఇంతకుముందు కంటే గట్టిగా పట్టుకోగలదు. కాకపోతే అక్కడ స్లేవ్ ముందే అడ్డుపడటం అంటూ ఉండదు. రియాక్టర్ కదిలాకే పని మొదలవుతుంది.

మాస్టర్‌కి పీఐ ఇచ్చి జీగ్లర్-నికోల్స్ అడిగితే Kc1 = 0.45 × 74.8 = 33.7, τI = 2.66/1.2 = 2.2 నిమిషాలు. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నకు ఇది చాలు, నెగెటివ్ మార్కులు కూడా లేవు. కానీ ఈ 33.7 అర్థం ఏమిటో ఒకసారి చూడండి: రియాక్టర్‌లో ఒక్క డిగ్రీ తేడా వస్తే జాకెట్ సెట్ పాయింట్‌ని 34 డిగ్రీలు కదిలిస్తుంది, స్లేవ్ దాన్ని 4.5తో గుణించి వాల్వ్‌ని 150 శాతం కదలమంటుంది. వాల్వ్ దగ్గర ఉన్నదే 100. ఫార్మా యూనిట్‌లో పనిచేసే మా సీనియర్ అన్నకి ఈ అంకె చూపిస్తే నవ్వేశాడు. "ఇంత పెడితే వాల్వ్ తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప ఇంకేం చేస్తుంది రా?" అన్నాడు. ప్లాంట్‌లో ఇందులో చిన్న భాగమే వాడతారు. పైగా వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాక కూడా రియాక్టర్ వేడిగానే ఉంటే, మాస్టర్ ఇంటిగ్రల్ జాకెట్‌ని ఇంకా ఇంకా చల్లబరచమని అడుగుతూనే పోతుంది. జాకెట్ ఆ సెట్ పాయింట్‌ని చేరలేదు. తర్వాత రియాక్టర్ చల్లబడినా, పేరుకున్నదంతా కరిగేదాకా వాల్వ్ మూసుకోదు. అందుకే స్లేవ్ సెట్ పాయింట్‌కి బదులు అసలు జాకెట్ టెంపరేచర్‌ని మాస్టర్ ఇంటిగ్రల్‌కి వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేస్తారు. దాన్నే ఎక్స్‌టర్నల్ రీసెట్ అంటారు.

ట్యూనింగ్ ఆర్డర్ ఎందుకు తిరగేయకూడదో ఈ రెండు ఈక్వేషన్లే చెబుతాయి. మాస్టర్ ఈక్వేషన్‌లోని 0.9, 0.2 రెండూ Kc2 నుంచే వచ్చాయి. స్లేవ్‌ని ముట్టుకుంటే ఆ రెండూ మారతాయి, మాస్టర్‌కి చేసిన ట్యూనింగ్ వేరే ప్రాసెస్‌కి చేసినట్టు అవుతుంది. తర్వాతెప్పుడో స్లేవ్ గెయిన్ తగ్గించినా మాస్టర్‌ని మళ్ళీ చూసుకోవాల్సిందే. మోడ్ మార్చేటప్పుడు కూడా ఇదే వరుస: ముందు స్లేవ్ ఆటో, తర్వాత స్లేవ్ కాస్కేడ్, చివరికి మాస్టర్ ఆటో. స్లేవ్‌ని కాస్కేడ్‌లోకి వేసే ముందు మాస్టర్ అవుట్‌పుట్ అప్పటి జాకెట్ సెట్ పాయింట్‌తో సరిపోవాలి, లేకపోతే వాల్వ్ ఒక్కసారిగా ఎగురుతుంది.

ఆ అన్ననే ఇంకోటి అడిగాను. "రెండు టెంపరేచర్లూ ఊగుతుంటే తప్పు ఏ లూప్‌దో ఎట్లా తెలుస్తుందన్నా?"

"మాస్టర్‌ని మాన్యువల్‌లో పెట్టి చూడు. జాకెట్ ఊగడం ఆగిపోతే మాస్టర్ గెయిన్ ఎక్కువైనట్టు. ఆగలేదంటే స్లేవ్‌నీ మాన్యువల్‌లో పెట్టు. అప్పుడు ఆగితే స్లేవ్ ట్యూనింగో, వాల్వ్ పట్టేస్తుండటమో. అప్పటికీ ఊగుతుంటే నీళ్ళ లైన్లోనే ఏదో ఉంది, కంట్రోలర్లని తిట్టుకోవద్దు."

రెండూ ఇంచుమించు ఒకే పీరియడ్‌తో ఊగుతూ, ఏ లూప్‌ని కొంచెం తగ్గించినా నెమ్మదిస్తుంటే, లోపలి లూప్ బయటి దానికంటే తగినంత వేగంగా లేదని అనుమానించాలి. కనీసం మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా ఉండాలనేది వాడుకలో ఉన్న లెక్క. మన ఉదాహరణలో లోపల 0.2 నిమిషాలు, బయట 10, సెన్సర్ 1. కాబట్టి ఇబ్బంది లేదు. ఇంకో సంగతి, ఇదంతా ఓపెన్ లూప్‌లో తనంతట తాను నిలదొక్కుకునే రియాక్టర్‌కి. కొన్ని రియాక్టర్లు వేడి ఎక్కువ పుట్టే చోట ఓపెన్ లూప్‌లో అన్‌స్టేబుల్‌గా ఉంటాయి. అక్కడ మాస్టర్‌ని మాన్యువల్‌లో వదిలి తీరిగ్గా స్టెప్ టెస్ట్ చేస్తూ కూర్చోవడం కుదరదు.

ప్రాక్టీస్‌కి ఇదే లెక్కలో జాకెట్ టైమ్ కాన్‌స్టంట్ 2 బదులు 8 పెట్టి, Kc2 అదే 4.5 ఉంచి చేయండి. ఒకే లూప్‌కి లిమిట్ లూప్ గెయిన్ 22.3, కాస్కేడ్‌కి 26.7 రావాలి. 3.4 రెట్ల లాభం 1.2 రెట్లకు పడిపోయింది. పీరియడ్ మాత్రం 12.9 నిమిషాల నుంచి 5.2కి తగ్గుతుంది. వేడి నీళ్ళ ప్రభావం ఇప్పుడు కూడా చివరికి పదో వంతే, కానీ జాకెట్ అక్కడికి చేరడానికి పట్టే టైమ్ నాలుగు రెట్లు. Kc2ని 20 దాకా పెంచి మళ్ళీ చేస్తే పోయిన లాభంలో ఎంత తిరిగి వస్తుందో మీకే కనిపిస్తుంది.