తెల్లవారుజామున 5:05 బండికి

సికింద్రాబాద్‌లో 5:05కి బయల్దేరే విశాఖ వందే భారత్‌కి టికెట్ దొరికిందని అమ్మ సంతోషించింది. నాకు మాత్రం మియాపూర్ నుంచి ఆ వేళకి స్టేషన్‌కి ఎలా చేరాలన్నదే బెంగ. మెట్రో మొదలయ్యేది 6 గంటలకి. పైగా ఈ బండికి తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, బయల్దేరే ముందే. కదిలే బండిని పట్టుకుని ఎక్కేద్దామంటే కుదరదు.

అందుకే వెనక నుంచి లెక్కేశాను. 4:40కల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. మెట్లు, సామాను, అమ్మ నడక కలిపి స్టేషన్ ముందు 4:20కి దిగాలి. రోడ్డు ఖాళీగా ఉన్నా ముప్పావు గంట ప్రయాణం, అంటే 3:35కి గేటు దాటాలి, 2:45కి లేవాలి. రాత్రి 11కి పడుకుంటే మిగిలే నిద్ర నాలుగు గంటలు కూడా ఉండదు.

క్యాబ్ ముందు రోజే బుక్ చేసుకుంటే నిశ్చింత అనుకుంటాం. నాకు ఎదురైంది వేరు: ఆ బుకింగ్‌తో డ్రైవర్ ఖాయం కాడు, టైం దగ్గరపడ్డాకే యాప్ వెతకడం మొదలుపెడుతుంది. అతను రద్దు చేస్తే 3:40కి మళ్లీ మొదటికే. వీధి చివర ఆటో అతనితో ముందు రోజు సాయంత్రమే మాట్లాడుకోవడం మేలు. ఎక్కడికి, ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఎంత డబ్బు అన్నీ అప్పుడే తేల్చుకోవాలి. రాత్రి 9కి ఒకసారి, లేవగానే మరోసారి ఫోన్ చేయాలి. రెండోసారి ఎత్తకపోయినా వేరే బండి చూసుకోవడానికి ఇంకా ముప్పావు గంట చేతిలో ఉంటుంది. 600 అడిగితే పగలు ఇంతలో సగమేగా అని మనసు పీకుతుంది, కానీ అతను తిరిగి ఖాళీగా రావాలి కదా.

చివరికి మేం ముందు రాత్రే స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. కన్ఫర్మ్ టికెట్ పీఎన్‌ఆర్‌తో రిటైరింగ్ రూం దొరికితే అంతకంటే మంచిది లేదు. అయితే గది తీసుకోవాల్సింది ప్రయాణం తేదీకి కాదు, దాని ముందు రాత్రికి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మాకు గది ఖాళీ లేదు.

లాడ్జిలో గది చూసే ముందు అడగాల్సింది కింద షట్టర్ గురించి. రాత్రి 12కి లోపలి నుంచి తాళం వేస్తారు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అతను మెట్ల కింద దుప్పటి ముసుగేసి గాఢనిద్రలో ఉంటాడు. పది గంటలకే బిల్లు కట్టేసి, ఆధార్ జిరాక్స్, అడ్వాన్సు లెక్క తేల్చుకుని, "4 గంటలకి తలుపు తీయాలి అన్నా" అని అతనికే నేరుగా చెప్పాను. కౌంటర్‌లో చెబితే ఆ మాట అతని దాకా వెళ్తుందన్న నమ్మకం లేదు. స్టేషన్‌కి ఒకటో ప్లాట్‌ఫారం వైపు ఒక దారి, బోయిగూడ వైపు ఇంకొక దారి. లాడ్జి ఏ వైపుందో చూసుకోకపోతే సామానుతో వంతెన మొత్తం దాటాలి.

4:05కి షట్టర్ సగం లేచింది. అమ్మ వంగి బయటికొచ్చి, "టీ బండి ఉంది చూడు" అంది.