షెఫీల్డ్‌లో ఒక కార్ పార్కు, సంధ్యవేళ

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి షెఫీల్డ్‌కు రైల్లో సుమారు రెండు గంటలు. దారిలో చెస్టర్‌ఫీల్డ్ దగ్గర మెలితిరిగిన చర్చి గోపురం ఒకటి కిటికీలోంచి కనిపిస్తుంది. ఫోను తీసేలోపు అది వెనక్కి వెళ్లిపోయింది. షెఫీల్డ్ స్టేషన్ బయట పొడవాటి ఉక్కు శిల్పం మీదుగా నీళ్లు జారుతుంటాయి. ఉక్కుకు పేరుపడ్డ ఊరని వచ్చినవాళ్లకు దిగగానే చెప్పేస్తారన్నమాట.

మా అక్క కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. వాడిని చూడటం ఒక కారణం, ఛార్లెస్ స్ట్రీట్ కార్ పార్కు రెండోది. రెండో సంగతి విని వాడు నమ్మలేకపోయాడు. "కార్లు నిలిపే చోటు చూడటానికి ఇంత దూరం వచ్చావా పిన్నీ? హైదరాబాదులో లేవా?"

ఉన్నాయి. ఇంకా కట్టని భవనాలకు కంప్యూటర్‌లో బొమ్మలు చేయడం నా వృత్తి. మా వాళ్లు దాన్ని రెండర్ అంటారు. అప్పుడు నా చేతిలో ఉన్నది హైదరాబాదుకు ఉద్దేశించిన ఒక బహుళ అంతస్తుల కార్ పార్కు. ముఖభాగమంతా చిల్లుల అల్యూమినియం రేకు, దాని వెనక ఏటవాలు ర్యాంపులు, పైన సంధ్యాకాశం. కాంక్రీటు అంచులు నిజమైనవిలా కనిపించాలని ఆర్కిటెక్టు పట్టుదల. ఇలాంటి బొమ్మలు వందల్లో దొరుకుతాయి. చాలావాటిలో రేకు కాగితంలా, కాంక్రీటు సబ్బుబిళ్లలా ఉంటుంది. రెండింటికీ మందం లేకపోవడమే కారణమని నా అనుమానం. అది నిజమైన గోడల ముందు నిలబడి తేల్చుకోవలసిన సంగతి.

ముందు కాంక్రీటు చూద్దామని స్టేషన్ వెనక గుట్ట ఎక్కాం. అక్కడ పార్క్ హిల్ ఉంది. 1957, 1961 మధ్య కట్టిన పొడవాటి నివాస సముదాయం. జాక్ లిన్, ఐవర్ స్మిత్ దాని రూపకర్తలు. 1998లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. అది కార్ పార్కు కాదు, కానీ బయటికి కనిపించే కాంక్రీటు చట్రం దశాబ్దాల వానకు ఏమవుతుందో చూడటానికి అంతకన్నా మంచి చోటు దగ్గర్లో లేదు.

చేయి పెట్టి తడిమితే తెలుస్తుంది: పోతపోసిన కాంక్రీటుకు కత్తిలాంటి మూల ఉండదు. సెంట్రింగ్ పెట్టేటప్పుడే మూలలో సన్నటి త్రికోణపు బద్ద బిగిస్తారు. పలకలు ఊడదీసేటప్పుడు మూల పెచ్చులూడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. దానివల్ల రెండు ముఖాల మధ్య రెండు సెంటీమీటర్ల ఏటవాలు పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ కూడా ఉన్నది ఉన్నట్టు నిలవదు. నేను చూసిన ఒక స్తంభం మూల మోకాలి ఎత్తున విరిగి లోపలి కంకర కనిపిస్తోంది. దానిపైన జానెడు మేర మరమ్మతు చేశారు. అతుకు చతురస్రంగా ఉంది, రంగు ఒక ఛాయ లేతగా ఉంది, అక్కడి అంచు మాత్రం కొత్తదిలా పదునుగా ఉంది. వాన మరకలు గోడంతా సమానంగా లేవు. స్లాబు కింద నీరు లోపలికి పాకకుండా తీసిన గాడి ఎక్కడ పూడుకుపోయిందో అక్కడి నుంచి నల్లటి చార మొదలై కిందికి సన్నబడుతోంది. బొమ్మల్లో మరకల చిత్రాన్ని గోడంతా పరిచేస్తారు. నీటికి మాత్రం బయలుదేరే చోటు ఒకటి ఉంటుంది.

నా బొమ్మ లెక్క అక్కడే నిలబడి వేసుకున్నాను. ముఖభాగం పొడవు 60 మీటర్లు, బొమ్మ వెడల్పు 4,000 పిక్సెళ్లు. అంటే ఒక పిక్సెల్‌కు 15 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల మూల పట్టీ బొమ్మలో ఒక పిక్సెల్ కంటే కొంచెం ఎక్కువ. అంత చిన్నదాన్ని వదిలేస్తే పోలేదా అనిపిస్తుంది. కానీ స్లాబు పై అంచున ఆ ఒక్క పిక్సెలే ఆకాశపు వెలుతురును పట్టుకుని నీలపు గీత అవుతుంది. కింది అంచున లోపలి దీపాల వెచ్చదనాన్ని పట్టుకుంటుంది. ఆ గీతలు లేకపోతే రెండు బూడిదరంగు ముఖాలు ఒకదానికొకటి అంటించినట్టు ఉంటాయి. రెండర్ సాఫ్ట్‌వేర్లలో మూల గుండ్రంగా ఉన్నట్టు భ్రమింపజేసే సదుపాయం ఉంది. ముఖాల మధ్య మూలకు అది సరిపోతుంది. ఆకాశం నేపథ్యంగా కనిపించే అంచుకు సరిపోదు, ఎందుకంటే అది ఆకారపు రేఖను మార్చదు. పారాపెట్ గోడల పైభాగాన్ని నిజంగానే చెక్కాలి, అక్కడక్కడ కొంచెం విరగ్గొట్టాలి కూడా.

ఛార్లెస్ స్ట్రీట్‌కు చేరేసరికి అయిదున్నర దాటింది. అక్టోబరు మధ్య రోజులు కాబట్టి సూర్యాస్తమయం ఆరూ పది ప్రాంతంలో. ఈ కార్ పార్కును ఎలైస్ అండ్ మారిసన్ సంస్థ రూపొందించింది, 2008లో పూర్తయింది. పది అంతస్తులు, 520 కార్లకు చోటు. ఊళ్లో వాళ్లు దీన్ని చీజ్ గ్రేటర్, అంటే చీజ్ తురిమే పరికరం, అంటారు. మావాడికి అసలు పేరు తెలియదు, ముద్దుపేరు చెబితే వెంటనే దారి చూపించాడు.

దూరం నుంచి చూస్తే గోడంతా రకరకాల ఆకారాల పలకలు కూర్చినట్టుంది. దగ్గరికి వెళితే గుట్టు బయటపడుతుంది. ఉన్నది ఒకే పలక. ఒక అల్యూమినియం రేకును మడిచి, రెండు పక్కలు ఏటవాలుగా వచ్చేలా చేశారు. ఆ ఒక్కదాన్నే నాలుగు దిశల్లో తిప్పి తగిలించారు. పైకి తిరిగిన పలక ఆకాశాన్ని పట్టుకుంటే పక్కదాని మడత నీడలో ఉంటుంది. తెరిచి ఉన్న సందుల్లోంచి గాలి, వెలుతురు ఆడతాయి. కార్ల పొగ యంత్రాల సాయం లేకుండా బయటికి పోవాలంటే గోడలో తగినంత ఖాళీ ఉండాలి. ఇంగ్లండు నిబంధనల ప్రకారం ప్రతి అంతస్తులోనూ ఆ ఖాళీ నేల వైశాల్యంలో ఇరవయ్యో వంతుకు తగ్గకూడదు, అదీ ఎదురెదురు గోడల్లో పంచి ఉండాలి. కార్ పార్కులకు జల్లెడ గోడలు ఇంతగా కనిపించడానికి అందం ఒక్కటే కారణం కాదు.

పలకల బయటివైపు అల్యూమినియం సహజమైన వెండిరంగు. లోపలివైపు ఆకుపచ్చ రంగు వేశారు. చీకటి పడేకొద్దీ సందుల్లోంచి పచ్చటి వెలుగు వస్తుంటే, నాతోపాటు చూస్తున్న మావాడు "పచ్చ లైట్లు పెట్టారు" అన్నాడు. మెట్లెక్కి లోపలికి తీసుకెళ్లి చూపించాను. కప్పుకు ఉన్నవి మామూలు దీపాలే. తెల్లటి వెలుతురు పలక లోపలి ముఖం మీద పడి, రంగు పూసుకుని బయటికి పోతోంది. నాకు ఇది పెద్ద పాఠమే. నా బొమ్మలో పచ్చ దీపాలు పెట్టి ఉంటే నేల, కార్లు, స్తంభాలు అన్నీ పచ్చబడేవి. రేకు రెండు ముఖాలకు వేర్వేరు రంగులు ఇస్తే చాలు, మిగతాది కాంతి చూసుకుంటుంది.

తర్వాత చేసిన పని మావాడికి వింతగా తోచింది. గోడకు ఎదురుగా నిలబడి, అక్కడి నుంచి రోడ్డు వెంట పక్కకు నడుస్తూ ఫొటోలు తీశాను. ఎదురుగా ఉన్నప్పుడు లోపలి దీపాలు, కారు ముక్కలు కనిపిస్తాయి. పక్కకు పోయేకొద్దీ మడతలు ఒకదాన్నొకటి కప్పేసి, చివరికి గోడ దాదాపు మూసుకుపోతుంది. లోహానికి లోతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. నా ప్రాజెక్టులోది మడత రేకు కాదు. 3 మిల్లీమీటర్ల మందం, 10 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు, పక్కపక్క చిల్లుల కేంద్రాల మధ్య 15 మిల్లీమీటర్లు. చిల్లులు ఒకదాని సందులో ఒకటి వచ్చేలా వరసలు మార్చి పెడితే, ఎదురుగా చూసినప్పుడు ఖాళీ 40 శాతం. ఎదురు చూపు నుంచి 60 డిగ్రీలు పక్కకు జరిగితే అదే రేకులో కనిపించే ఖాళీ 15 శాతానికి పడిపోతుంది. సుమారు 73 డిగ్రీల దగ్గర పూర్తిగా మూసుకుపోతుంది. మందం లేని తలం మీద నలుపు తెలుపు చుక్కల చిత్రం అంటించి చిల్లులని నమ్మించే పద్ధతిలో ఈ మార్పు ఉండదు. 85 డిగ్రీల వాలు నుంచి చూసినా లోపలంతా కనిపిస్తూనే ఉంటుంది. కంటికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడో చెప్పలేం.

పోనీ, చిల్లులన్నీ నిజంగా చెక్కేస్తే? ఇక్కడ ఇంకో చిక్కు. చిల్లుల దూరం 15 మిల్లీమీటర్లు, నా పిక్సెల్ కూడా 15 మిల్లీమీటర్లు. రెండూ ఢీకొని గోడ మీద అలల్లాంటి చారలు పుట్టుకొస్తాయి. బొమ్మ తయారయ్యే సమయం ఎంత పెంచినా అవి ఒక పట్టాన పోవు. అందుకని దగ్గరి పలకలకు మాత్రమే నిజమైన చిల్లులు పెట్టాలని నిర్ణయించుకున్నాను. దూరపు పలకలు సాదా రేకులే, చూపు కోణం మారినకొద్దీ 40 నుంచి 15కు, అక్కడి నుంచి సున్నాకు తగ్గే పారదర్శకతతో. పలకను కూడా షెఫీల్డ్ వాళ్లలాగే ఒక్కటే తయారుచేసి వందలసార్లు వాడితే కంప్యూటర్ మీద భారం ఉండదు.

సూర్యుడు అస్తమించాక అసలు ఆట మొదలైంది. ఆ సమయంలో ఆరుబయట వెలుతురు సుమారు 400 లక్స్. సంధ్య ముగిసేసరికి, అంటే సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి దిగేసరికి, అది మూడు నాలుగు లక్స్‌కు వస్తుంది. కార్ పార్కుల్లో నేల మీద 75 లక్స్ వెలుతురు పెట్టడం మామూలు. బయట, లోపల ఈ రెండూ సరిసమానమయ్యే ఘడియలో గోడ వెండిరంగూ కనిపిస్తుంది, లోపలి పచ్చదనమూ కనిపిస్తుంది. అంతకు ముందు గోడ ఉత్త లోహం. ఆ తర్వాత చీకట్లో వేలాడే పచ్చటి గళ్లు మాత్రమే. షెఫీల్డ్‌లో సూర్యుడు వాలుగా దిగుతాడు కాబట్టి ఆ ఘడియ అస్తమయం తర్వాత పది పన్నెండు నిమిషాలకు వచ్చి కాస్త నిలిచింది. హైదరాబాదులో ఏడెనిమిది నిమిషాలకే వచ్చి, వచ్చినంత వేగంగా పోతుంది. అక్కడ మొత్తం సంధ్యే 22 నిమిషాలు, ఇక్కడ 35.

లోపల ఒక కారు పైకి ఎక్కుతుంటే దాని దీపాలు ఒక సందు నుంచి ఇంకో సందుకు దూకుతూ వెళ్లాయి. ర్యాంపు వాలు అప్పుడు బయటివాళ్లకు అర్థమవుతుంది. బొమ్మల్లో ర్యాంపును తెర వెనక ఎంత నిటారుగా గీసినా ఎవరూ అడగరనుకుంటారు. అంతస్తు ఎత్తు 3 మీటర్లైతే, పదికి ఒకటి చొప్పున ఎక్కే ర్యాంపుకు 30 మీటర్ల పొడవు కావాలి. పైన, కింద వాలు సగానికి తగ్గే చోట్లు అదనం, లేకపోతే కారు అడుగు నేలకు రాసుకుంటుంది. నా 60 మీటర్ల గోడలో ఆ గీత దాదాపు సగం పొడవునా సాగాలి.

తిరిగొచ్చాక ఆకాశాన్ని సూర్యుడు రెండున్నర డిగ్రీలు దిగిన చోట పెట్టాను. ర్యాంపు మీద ఎక్కుతున్న కారు ఒక్కటే ఉంచాను. ఆర్కిటెక్టు చూసి, కింది స్లాబు దగ్గర నల్లచార తీసేయమన్నారు, కట్టకముందే కారుతున్నట్టుందట. చార తీసేశాను. విరిగిన అంచును ఆయన గమనించలేదు, అది అలాగే ఉంది.