ఫోటోల్లో లేని గది

దసరా సెలవులకు మనవడు రాజంపేట వచ్చాడు. కువైట్‌లో ఉన్న వాళ్ల నాన్న పుట్టినరోజుకు మన ఇంటి ఫోటోలన్నీ స్లైడ్‌షో చేసి పంపుదాం తాతా అన్నాడు. బీరువాలోంచి ఆల్బం తీశాను.

జిగురు పేజీల ఆల్బం అది. ఫోటోలు పేజీలకు అతుక్కుపోయాయి. గోటితో లాగితే చిరుగుతాయని, కుట్టుదారం రెండు చేతులా బిగించి పట్టుకుని ఫోటో కింద మెల్లగా అటూ ఇటూ ఆడించాను. ఊడిన ఫోటో వెనక నా చేతిరాతతో సంవత్సరం ఉంది. వాడు వాటిని వరండా నీడలో పెట్టి, మెరుపు పడకుండా ఫ్లాష్ ఆపి ఫోన్‌తో తీశాడు.

తీరా చూస్తే వరుసంతా తారుమారు. ఫోన్‌కు తెలిసింది వాడు ఫోటో తీసిన తేదీ ఒక్కటే. అందుకని నేను వెనక రాత చదువుతుంటే వాడు 1986_01, 1986_02 అని ఒక్కోదానికీ పేరు మార్చాడు. 1990 దగ్గర ఫోటో లేదు. నా పాత పాస్‌పోర్టులో జోర్డాన్ ముద్ర ఉన్న పేజీని ఫోటో తీయించాను. ఆ ఆగస్టు 2న, నేను పని చేస్తున్న కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చింది. మేం బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి తెచ్చారు. అలా లక్షన్నర మందికి పైగా ఇల్లు చేరారు.

అన్నీ చూశాక వాడు అడిగాడు.

"తాతా, నువ్వు పని చేసే ఫోటో ఏదీ?"

లేదు. శుక్రవారం సెలవునాడు ఉతికిన చొక్కా వేసుకుని కువైట్ టవర్స్ ముందు నిలబడేవాళ్లం. ఎవరిదో కారుకు ఆనుకుని తీయించుకునేవాళ్లం. ఇంట్లో వాళ్లు చూసి నిబ్బరంగా ఉండాలి కదా. సిమెంటుకు పగిలిన చేతులు, ఎనిమిదిమందిమి పడుకున్న గది ఎవరం తీయించుకోలేదు.

"అయితే నువ్వు చెప్పు, నేను రికార్డు చేస్తా" అన్నాడు.

నల్లటి స్లైడ్ ఒకటి పెట్టి, దాని మీద నా గొంతు. మిగతా ఫోటోలకు ఐదేసి సెకన్లు ఇచ్చాడు, దీనికి నిమిషం నలభై. పూత పనికి సూర్యుడు రాకముందే లేవడం, మధ్యాహ్నం బకెట్లో నీళ్లు కూడా వేడెక్కిపోవడం, రాత్రి మంచం మీద కూర్చుని ఇంటికి క్యాసెట్లో మాటలు రికార్డు చేయడం చెప్పాను. పక్కవాళ్లు నిద్రపోతుంటే గుసగుసగా మాట్లాడేవాణ్ణి. అందుకే మీ అవ్వకు నా గొంతు జలుబు చేసినట్టు వినిపించేదిరా అన్నాను.

వీడియో పంపిన రాత్రి నా కొడుకు ఫోన్ చేయలేదు. తెల్లారాక ఒక ఫోటో వచ్చింది. ఒకదాని మీద ఒకటి ఉన్న ఇనప మంచాలు, పైదాని కమ్మీకి ఆరేసిన పని బట్టలు, దిండు పక్కన ఛార్జరు. ఇన్నేళ్లలో వాడు తన గది మాకు చూపడం అదే మొదటిసారి.

మనవడు దాన్ని నల్లటి స్లైడ్ పక్కనే చేర్చాడు.