భుజం ముందు బిళ్ల కట్టిన ఆవు: థైలేరియా వైద్యంలో నా అనుభవం

చిత్తూరు వైపు సంకరజాతి ఆవులకు ఎండాకాలం చివర మొదలుకొని వానలు ముగిసేదాకా వచ్చే జ్వరాల్లో, థర్మామీటరు పెట్టాక నేను మొదట తడిమేది భుజం ఎముక ముందున్న శోషరస గ్రంథిని. ఆ తర్వాత డొక్క కింద, తొడ మడత ముందుండేదాన్ని. మామూలుగా వెతికితేగానీ దొరకని ఈ గ్రంథి కోడిగుడ్డంత బిళ్ల కట్టి చేతికి తగిలిందంటే, జ్వరం 105 డిగ్రీల పైన ఉందంటే, పిడుదుల వల్ల వచ్చే పరాన్నజీవి జబ్బు థైలేరియా కాదని తేలేదాకా అది థైలేరియానే అనుకుని పని మొదలుపెడతాను.

ఇక్కడ చెప్పేది ఒక హెచ్.ఎఫ్. సంకరజాతి ఆవు సంగతి. రెండో ఈత, ఈని నెలన్నర. రోజుకు 12 లీటర్లు ఇచ్చేది 3 లీటర్లకు పడిపోయింది. జ్వరం 105.8. అంతకుముందే ఎవరో యాంటీబయాటిక్, జ్వరం సూది వేశారు. సూది వేసిన పూట తగ్గడం, తెల్లారేసరికి మళ్లీ ఎక్కడం. ముక్కు నుంచి నీరు, కాస్త దగ్గు కూడా ఉండటంతో న్యుమోనియా అనుకున్నారట. థైలేరియాలో ఊపిరితిత్తుల్లోనూ నీరు చేరుతుంది కాబట్టి ఆ పొరపాటు సులువుగానే జరుగుతుంది. పొదుగు వెనక, తోక కింద చూస్తే పిడుదులు (మీ వైపు గోమార్లు అంటారేమో) కనబడ్డాయి. కాళ్ల మీద లేత పట్టీలు, పొడుగు మూతి, ఎరుపు కలిసిన గోధుమరంగు ఒళ్లు. హయలోమా జాతి పిడుదు ఇలాగే ఉంటుంది. మన పశువుల మీద ఎక్కువగా కనిపించే పొట్టి మూతి పిడుదు వేరే జాతి. అది బబేసియా, అనాప్లాస్మా అనే వేరే జబ్బులను మోసుకొస్తుందిగానీ ఈ జబ్బుకు కారణమైన థైలేరియా అన్యులేటాను తెచ్చేది హయలోమానే.

రక్తపు చుక్కను స్లైడు మీద పరిచిన స్మియర్ ఒక్కటే చూసి తేల్చడం నాకు ఇష్టం ఉండదు. ఎర్రకణాల్లో ఉంగరాల్లా, కామాల్లా చిన్న రూపాలు కనిపిస్తే థైలేరియా ఉందని తెలుస్తుంది, కానీ ఇప్పటి జ్వరానికి అదే కారణమని తెలియదు. ఒకసారి జబ్బు పడి కోలుకున్న ఆవు రక్తంలో ఆ రూపాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఉండిపోతాయి. జబ్బు ఇప్పుడు నడుస్తోందని చెప్పేది గ్రంథి నుంచి తీసిన స్మియర్. అందుకే శ్రమైనా గ్రంథిలోకే సూది పెడతాను.

బిళ్ల మీద వెంట్రుకలు కత్తిరించి స్పిరిట్‌తో తుడిచి, ఆరనిస్తాను. స్పిరిట్ తడి సూదిలోకి వెళ్తే కణాలు పాడవుతాయి. గ్రంథిని ఎడమచేతి వేళ్ల మధ్య గట్టిగా బిగించి, 18 గేజ్ సూదిని సిరంజి లేకుండా గుచ్చి, దిశ కొద్దిగా మార్చి రెండు మూడు పోట్లు పొడుస్తాను. సూది బయటికి తీశాక గాలి నింపిన సిరంజి తగిలించి, సూదిలో ఉన్న చుక్కను స్లైడు మీదకి ఊదుతాను. అది కొంచెం బూడిదరంగులో చిక్కగా రావాలి. ఎర్రటి రక్తమే వచ్చిందంటే పక్కకి వెళ్లిందని అర్థం, మళ్లీ తీయాలి. స్లైడును నలిపేయకుండా మెల్లగా పరిచి, గాలికి ఆరగానే మిథనాల్‌లో 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. వానాకాలంలో ఇక్కడ ఆలస్యం చేస్తే తేమకు కణాలు చెదిరిపోతాయి. తర్వాత 1:10 జీమ్సా రంగులో అరగంట పైన. 100 ఆయిల్ లెన్సు కింద లింఫోసైట్ అనే తెల్లకణంలో నీలిరంగు ముద్ద, దానిలో ఎర్రటి ఊదా చుక్కలు కనిపిస్తే అదే షైజాంట్, అంటే తెల్లకణంలో పెరిగే దశలో ఉన్న పరాన్నజీవి. కాక్స్ బ్లూ బాడీస్ అని మా పుస్తకాల్లో ఉండేది ఇదే. రంగు గడ్డకట్టి కణాల మీద పడిన మచ్చలు కూడా చుక్కలుగానే కనిపిస్తాయి. ఫోకస్ కొద్దిగా పైకీ కిందికీ తిప్పి చూస్తే అవి కణం లోపల లేవని తెలుస్తుంది. మా ఆవు స్లైడులో నిజమైనవి దండిగానే ఉన్నాయి.

ఈ షైజాంట్ తీరు తెలిస్తే మందు వేయడానికి ఎందుకు తొందరపడాలో అర్థమవుతుంది. పిడుదు లాలాజలంతో వచ్చిన పరాన్నజీవి తెల్లకణాల్లోకి దూరుతుంది. చాలా సూక్ష్మజీవులు తమ చుట్టూ సంచి కట్టుకుని దాక్కుంటాయి. ఇది అలా దాక్కోదు. కణద్రవంలోనే ఉండి, కణం ఎదగడాన్ని నడిపే సంకేతాలను తన వైపు తిప్పుకుంటుంది. ఆ కణం క్యాన్సర్ కణంలా ఆగకుండా విభజన చెందుతూ పోతుంది. కణం రెండుగా చీలేటప్పుడు దాని విభజన తంతువులకు అంటుకుని పరాన్నజీవి కూడా చీలిపోతుంది, పిల్ల కణాలు రెండింటిలోనూ వాటా ఉండేలా. అంటే తనను తరిమికొట్టాల్సిన సైన్యాన్నే తన సంతానానికి ఇళ్లుగా మార్చుకుంటోంది. గ్రంథి బిళ్ల కట్టడం, జ్వరం, ఊపిరితిత్తుల్లో నీరు ఈ దశవే. ఆ తర్వాత షైజాంట్ల నుంచి విడివడిన రూపాలు ఎర్రకణాల్లోకి చేరతాయి. ఆ ఎర్రకణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. కనురెప్పలు తెల్లబడటం అప్పుడు. క్యాన్సర్‌తో పోలిక ఒక దగ్గర తప్పుతుంది: లోపలి పరాన్నజీవిని చంపితే కణం విభజన కూడా ఆగిపోతుంది. మందు పని చేసేది అందుకే.

ఆ మందు బుపార్వాక్వోన్, కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. సీసాలో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి 20 కిలోలకు ఒక మి.లీ. ఎక్కువమంది పప్పులో కాలేసేది బరువు దగ్గర. కంటితో చూసి 300 కిలోలని మందు వేస్తారు, ఆవు 400 ఉంటుంది, జ్వరం సగమే దిగుతుంది. టేపుతో కొలవడం రెండు నిమిషాల పని. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 68 అంగుళాలు, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు 57. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే 399 వచ్చింది. 20 మి.లీ. మందును మెడకు రెండు వైపులా 10 చొప్పున కండలోకి లోతుగా ఇచ్చాను. ఒకేచోట 10 మి.లీ. మించితే వాపు వస్తుంది, మందు సరిగా పీల్చుకోదు. సీసా మీద రాసినట్టు 48 గంటల పాలు కేంద్రానికి పోయకూడదు.

రైతు అడిగాడు, "సార్, రక్తంలో పురుగు అని డైమినజీన్ వేస్తారు కదా, అది చౌక కదా?" అది బబేసియాకు పని చేస్తుంది, థైలేరియాకు చేయదు. ఆక్సీటెట్రాసైక్లిన్ కూడా అంతే, జబ్బు బయటపడకముందు కొంత పట్టి ఆపుతుందిగానీ బిళ్ల కట్టాక దాన్ని నమ్ముకోవద్దు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ అయితే ముట్టను. జ్వరం అద్భుతంగా దిగుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు, కానీ ఉన్న కాస్త రోగనిరోధక శక్తీ పోతుంది. చూలావు అయితే ఈసుకుపోవచ్చు కూడా.

రెండు రోజుల్లో జ్వరం 102 దాకా దిగింది, నెమరు మొదలైంది. ఇక్కడే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, నేను మాత్రం హిమోగ్లోబిన్ చూస్తాను. మొదటి రోజు 7.2 గ్రాములున్నది 4.6కు దిగింది. షైజాంట్లు చచ్చినా అప్పటికే పరాన్నజీవి చేరిన ఎర్రకణాలను ప్లీహం తీసివేస్తూనే ఉంటుంది. అందుకే జ్వరం తగ్గాక కూడా రక్తహీనత ఇంకా లోతుకు పోవచ్చు. లేచి నిలబడ్డానికి రొప్పుతుంటే రక్తం ఎక్కించాల్సిందే. బరువైన, ఆరోగ్యంగా ఉన్న, స్మియర్‌లో పరాన్నజీవి కనిపించని మరో ఆవును ఎంచుకుని, 450 మి.లీ. రక్తానికి 50 మి.లీ. చొప్పున 3.8 శాతం సోడియం సిట్రేట్ కలిపి తీశాం. కిలోకు 8 నుంచి 10 మి.లీ. లెక్కన 3.5 లీటర్లు ఎక్కించాం. మొదటి పావుగంట చుక్కచుక్కగా, వణుకు, రొప్పు, దద్దుర్లు వస్తాయేమో చూస్తూ. తర్వాత వేగం పెంచాం. మర్నాటికి మేత కుడితి దగ్గరికి తనే వచ్చింది. జ్వరం మళ్లీ ఎక్కితే 48 నుంచి 72 గంటలకు బుపార్వాక్వోన్ రెండో డోసు వేయాలి, దీనికి అవసరం పడలేదు.

ఆవు బతికింది కదా, నష్టమేముంది అంటారు. లీటరు 40 రూపాయలని వేసుకుందాం. మొదటి పది రోజులు రోజుకు 9 లీటర్లు తగ్గితే 90 లీటర్లు. ఆ తర్వాత 50 రోజులు సగటున 4 లీటర్లు తక్కువ, అంటే 200. ఆ ఈతలో మిగిలిన 150 రోజులు రెండేసి లీటర్లు తక్కువ ఇస్తే 300. మొత్తం 590 లీటర్లు, 23,600 రూపాయలు. మందు, రక్తం ఖర్చు పైన. ఎదకు రావడం రెండు మూడు నెలలు వెనక్కి పోతే అన్ని నెలలు ఒట్టి మేత. ఈ లెక్క ముందు పెడితే మందు ఖరీదు గురించి బేరమాడటం ఆగుతుంది. ఒంగోలు లాంటి దేశవాళీ పశువులు ఇదే జబ్బును చాలావరకు తట్టుకుంటాయి. పాల కోసం సంకరజాతికి మారిన రైతే ఈ బిల్లు కడతాడు.

ఆ కొట్టంలో మిగిలిన ఆవులకు పిడుదుల మందు ఫ్లుమెత్రిన్ వెన్ను మీద పోశాం. కానీ పిడుదు ఎక్కువ కాలం ఉండేది ఆవు మీద కాదు, గోడ పగుళ్లలో. పిల్ల పిడుదు కోలుకున్న ఆవు రక్తం తాగి రాలిపోతుంది, పగుల్లో పొర విడిచి పెద్దదై మరో ఆవును పట్టుకుంటుంది. పరాన్నజీవి గుడ్ల ద్వారా పోదు, ఒక దశ నుంచి తర్వాతి దశకే పోతుంది. పిడుదు ఆవును పట్టుకున్నాక దాని లాలాజల గ్రంథుల్లో పరాన్నజీవి పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి రోజు మార్చి రోజు పొదుగు, తోక కింద, చెవుల్లో చూసి పిడుదులను ఏరి కిరోసిన్ డబ్బాలో వేయడం నిజంగా పనికొచ్చే పని.

గోడలకు 12.5 శాతం అమిట్రాజ్ లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, పగుళ్ల లోపలికి వెళ్లేలా నాజిల్ ఆనించి కొట్టించాం. పది పదిహేను రోజులకు మళ్లీ కొట్టాలి, ఎందుకంటే పొర విడిచే దశలో ఉన్నవాటికి, గుడ్లకు మందు అంతగా అందదు. డెల్టామెత్రిన్‌కు చాలాచోట్ల పిడుదులు అలవాటుపడ్డాయి. కొట్టిన మర్నాడు నడుస్తున్న పిడుదులు కనిపిస్తే మోతాదు పెంచకండి, మందు రకమే మార్చండి. ఆ తర్వాత పగుళ్లను సిమెంటుతో పూడ్చేశాం. సంతలో కొన్న కొత్త ఆవును ఈ మధ్యే అదే కొట్టంలో కట్టారని తర్వాత తెలిసింది. దాని రక్తం స్మియర్‌లో ఆ కామాలు కొన్ని ఉన్నాయి, జ్వరం మాత్రం లేదు.