కంప్రెసర్ పోయిందని చెప్పే ముందు

షార్జాలో నేను పనిచేసే కంపెనీలో ఏసీ కంప్రెసర్ మార్చాలంటే ముందు ఒక కాగితం నింపాలి. మూడు టెర్మినళ్ల మధ్య ఓమ్స్ రీడింగులు, తీగల నుంచి బాడీకి కరెంటు లీకవుతోందా అని కొలిచే మెగ్గర్ రీడింగ్, ఆ సమయానికి కంప్రెసర్ ఎంత వేడిగా ఉందో, అంతే. ఆ కాగితం లేనిదే స్టోర్‌లో కొత్త కంప్రెసర్ ఇవ్వరు. మన మీద నమ్మకం లేక కాదు. వారంటీలో వెనక్కి పంపిన పాత కంప్రెసర్ బాగానే ఉందని తేలితే ఆ బిల్లు కంపెనీ నెత్తిన పడుతుంది. అందుకని "పోయింది" అనే మాటకి అక్కడ అంకెలు కావాలి.

సెలవుకి విశాఖపట్నం వచ్చినప్పుడు కంచరపాలెంలో బావ షాపులోనే ఎక్కువ పొద్దు గడుస్తుంది. ఇక్కడ పద్ధతి వేరు. టెర్మినల్‌కీ బాడీకీ మధ్య సిరీస్ ల్యాంప్, అంటే కరెంటుకి వరసలో కలిపిన బల్బు పెడతారు, వెలిగితే షార్ట్, వెలగకపోతే మంచిది. పెద్ద షార్ట్ అయితే ల్యాంప్ పట్టుకుంటుంది, కాదనను. కానీ కొద్దికొద్దిగా లీకయ్యే కరెంటుకి ఆ బల్బు వెలగదు. వెలగలేదు కాబట్టి బాగుందనుకోవడానికీ లేదు, ట్రిప్పవుతోంది కాబట్టి పోయిందనుకోవడానికీ లేదు.

ఈసారి లాసన్స్ బే కాలనీ నుంచి ఒక కంప్లయింట్ వచ్చింది. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఇల్లు, మేడ మీద సముద్రం వైపు అవుట్‌డోర్ యూనిట్. ఒకటిన్నర టన్ను స్ప్లిట్, ఇన్వర్టర్ కాదు, మామూలు రకం. కంప్రెసర్ ఆన్ అవగానే ఇంట్లో ఈఎల్‌సీబీ, అంటే కరెంటు నేలకి లీకైతే ఆపేసే స్విచ్, పడిపోతోంది. అంతకుముందు వచ్చిన మెకానిక్ కంప్రెసర్ బాడీ షార్ట్ అయిందని, కొత్తది వెయ్యాలని ఖర్చు కూడా చెప్పి వెళ్లాడు.

"రోజంతా పడుతోందా మాస్టారూ?" అని అడిగాను.

"లేదు బాబూ, తెల్లారగట్ల అయితే వెంటనే పడిపోద్ది. మధ్యాహ్నం వేస్తే బాగానే నడుస్తాది. అదే నాకు అర్థం కావట్లేదు."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. కాలిపోయిన మోటారు వైండింగ్ మధ్యాహ్నానికి బాగుపడదు. ఎండకి తగ్గిపోతోందంటే అది తడి.

మర్నాడు పొద్దున్నే మంచు ఆరకముందు మేడెక్కాం. మెయిన్ ఆపి, కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, ముందు టెర్మినల్ కవర్ చుట్టూ చూశాను. ఇది సముద్రం పక్క ఇళ్లలో తప్పకుండా చెయ్యాల్సిన పని. ఆ మూడు పిన్నులూ గాజు సీల్‌లో బిగించి ఉంటాయి, లోపల గ్యాస్ ప్రెషర్ ఉంటుంది. తుప్పు తిన్న పిన్ను ఊడి వస్తే నూనె, గ్యాస్ మొహం మీదకి చిమ్ముతాయి, నిప్పురవ్వ తోడైతే అంటుకుంటాయి కూడా. పిన్ను చుట్టూ నూనె తడి కనిపించినా, గాజు పగిలినట్టు ఉన్నా, గ్యాస్ తీసేదాకా దాని జోలికి పోకూడదు. ఇక్కడ పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంది గానీ నూనె లేదు. పక్కకి కూర్చుని, క్లిప్పుల్ని కదపకుండా ఒక్కొక్కటీ నిటారుగా లాగాను.

ముందు ఓమ్స్. బావ కొడుకు కుర్రాడు పక్కనే ఉన్నాడు, వాడికి చూపిస్తూ చేశాను. పిన్నులకి మార్కర్‌తో ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టాం. మల్టీమీటర్ వైర్లు రెండూ కలిపితే 0.2 చూపించింది. అది వైర్లది, ప్రతి రీడింగ్‌లోంచీ తీసెయ్యాలి. ఒకటికీ రెండుకీ మధ్య 4.6, ఒకటికీ మూడుకీ మధ్య 2.3, రెండుకీ మూడుకీ మధ్య 6.7 వచ్చాయి. వైర్లది తీసేస్తే 4.4, 2.1, 6.5.

"ఇప్పుడు కామన్ ఏది చెప్పు?"

"ఒకటా మావయ్యా?"

ఒకటే. ఎక్కువ రీడింగ్ ఏ రెండు పిన్నుల మధ్య వచ్చిందో చూసుకుంటే, మిగిలిపోయిన పిన్ను కామన్. లోపల స్టార్ట్ వైండింగ్, రన్ వైండింగ్ రెండూ ఒక చివర కలిసే చోటే కామన్ కాబట్టి, స్టార్ట్ నుంచి రన్‌కి కొలిస్తే రెండు వైండింగులూ వరసగా వస్తాయి. 4.4కి 2.1 కలిపితే 6.5, లెక్క సరిపోయింది. ఇక కామన్ నుంచి ఎక్కువ చూపించేది స్టార్ట్, తక్కువ చూపించేది రన్. స్టార్ట్ వైండింగ్ సన్న తీగ, రన్ వైండింగ్ లావు తీగ, అందుకే ఆ తేడా. వైర్లది తీసెయ్యకుండా కూడి ఉంటే 6.9 వచ్చేది, మీటర్ 6.7 అంటోంది. ఇంత చిన్న ఓమ్స్‌లో ఆ తేడాకే వైండింగ్‌లో చుట్లు షార్ట్ అయ్యాయని భయపడేవాళ్లని చూశాను.

స్టార్ట్, రన్ తారుమారు చేస్తే కంప్రెసర్ మూలుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కితే కరెంటు ఆపే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోతుంది. అలాగే వదిలేస్తే సన్న తీగ కాలిపోతుంది. అందుకే పాత వైర్ల రంగుని నమ్మను. ముందు ఎవరు ఏ రంగు ఎక్కడ కలిపారో ఎవరికి తెలుసు?

వైండింగులు బాగానే ఉన్నాయి. అవి బాడీకి తగులుతున్నాయా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి మెగ్గర్. ఇక్కడ చాలామంది తికమక పడతారు. మెగ్గర్‌ని రెండు టెర్మినళ్ల మధ్య పెడితే సున్నా చూపిస్తుంది, చూపించాలి కూడా, ఆ తీగలు లోపల కలిసే ఉన్నాయి. అది షార్ట్ కాదు. మెగ్గర్ ఒక చివర ఏదో ఒక టెర్మినల్‌కి, రెండో చివర బాడీకి పెట్టాలి. బాడీ అంటే పెయింట్ మీద కాదు, శుభ్రంగా గీకిన రాగి గొట్టానికి. 230 వోల్టుల మోటారుకి 500 వోల్టుల రేంజి చాలు. ఒక నిమిషం నొక్కి ఉంచి అప్పుడు రీడింగ్ రాసుకోవాలి.

0.01 మెగాఓమ్ వచ్చింది. అంటే పదివేల ఓమ్స్. 230 వోల్టులకి 23 మిల్లీ ఆంప్స్ నేలకి పోతుంది. 30 మిల్లీ ఆంప్స్ ఈఎల్‌సీబీ 15 దాటాక ఎక్కడైనా పడిపోవచ్చు. ఆ మెకానిక్ మెగ్గర్ పెట్టి ఉన్నా ఈ అంకె చూసి కంప్రెసర్ పోయిందనే అనేవాడు.

కానీ ఆ లీకు వైండింగ్‌లోనా, పిన్నుల మీదా? టెర్మినల్ కవర్ లోపలి వైపు తడిగా ఉంది, అంచు రబ్బరు లేదు, పాత సర్వీసులో ఎక్కడో పోయినట్టుంది. పిన్నుల చుట్టూ తెల్లగా ఉప్పు పొర. సముద్రపు గాలి ఉప్పు, రాత్రి మంచు కలిసి ఆ గాజు మీద కరెంటుకి దారి వేశాయి. పొడి గుడ్డతో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మళ్లీ తుడిచి, పెద్దావిడ హెయిర్ డ్రయ్యర్ ఇస్తే మెల్లగా ఆరబెట్టాం. మళ్లీ మెగ్గర్ పెడితే 85 మెగాఓమ్స్.

కొత్త రబ్బరు వేసి కవర్ బిగించి, పావుగంట నడిపి, ఆపి, మళ్లీ చూస్తే 40కి దిగింది. కుర్రాడు కంగారు పడ్డాడు. కంగారేం లేదు, ఇన్సులేషన్ వేడెక్కితే రీడింగ్ తగ్గుతుంది, పది డిగ్రీలకి సుమారు సగమవుతుందని అంటారు. మా కాగితంలో వేడి గడి ఉన్నది ఇందుకే. చల్లగా ఉన్నప్పటి 85నీ, వేడిగా ఉన్నప్పటి 40నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒక మెగాఓమ్ కంటే దిగితే మాత్రం ఏ వేడికైనా నేను ఒప్పుకోను, అసలు కంపెనీ మాన్యువల్‌లో ఎంత అన్నారో అదే చూడాలి.

షార్జాలో దీనికి తిరగేసిన కేసు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. మూడు దాటాక ఒక విల్లా డాబా ఎక్కితే కంప్రెసర్ షెల్ మీద చెయ్యి పెట్టలేం. మాతో పనిచేసే నేపాలీ కుర్రాడు మీటర్ పెట్టాడు. రెండు పిన్నుల మధ్య ఆరు ఓమ్స్, మూడో పిన్ను నుంచి దేనికి పెట్టినా OL, అంటే దారి తెగినట్టు. కామన్ తెగిపోయిందన్నాడు. మెగ్గర్ కూడా ఆ మూడో పిన్నుకే పెట్టి, బ్రహ్మాండంగా ఉందన్నాడు.

రెండూ తొందరే. కొన్ని కంప్రెసర్లలో ఓవర్‌లోడ్ లోపలే, కామన్ పిన్నుకీ వైండింగులకీ మధ్య ఉంటుంది. వేడెక్కితే తెరుచుకుంటుంది. స్టార్ట్ నుంచి రన్‌కి రీడింగ్ వస్తూ కామన్ మాత్రం తెగినట్టు ఉంటే, చల్లారేదాకా ఆ మాట అనకూడదు. పైగా ఓవర్‌లోడ్ తెరుచుకుని ఉన్నప్పుడు కామన్ పిన్నుకి వైండింగ్‌తో సంబంధమే ఉండదు, అక్కడ మెగ్గర్ పెడితే ఎంత కాలిన మోటారైనా బాగున్నట్టే చూపిస్తుంది. స్టార్ట్ పిన్నుకో, రన్ పిన్నుకో పెట్టాలి. మా మలయాళీ ఫోర్‌మన్ ఏమీ అనకుండా అందర్నీ నీడలో కూర్చోబెట్టాడు. షెల్ చల్లారడానికి గంటలు పడుతుంది, అతనికి తెలుసు. చీకటి పడే వేళకి మూడు రీడింగులూ వచ్చాయి. అసలు జబ్బు బయటి ఫ్యాన్ కెపాసిటర్‌ది. ఫ్యాన్ తిరక్క కంప్రెసర్ ఉడికిపోయింది. ఓవర్‌లోడ్ బయట, కవర్ కింద ఉండే రకమైతే ఈ చిక్కు లేదు, దాన్ని విడిగా తీసి చూడొచ్చు.

ఇది రాసుకొచ్చి బావకి చెబితే ఆయన వెంటనే మెగ్గర్ కొంటానన్నాడు. కొనమన్నాను గానీ రెండు షరతులు పెట్టాను. ఒకటి, వాక్యూమ్ పట్టి ఉన్న కంప్రెసర్‌కి మెగ్గర్ పెట్టకూడదు, కరెంటూ ఇవ్వకూడదు. లోపల గాలీ గ్యాసూ బాగా పలచబడినప్పుడు తక్కువ వోల్టేజికే పిన్నుల మధ్య మెరుపు కొడుతుంది, మంచి కంప్రెసర్‌ని మనమే చంపిన వాళ్లమవుతాం.

"మరి ఇప్పుడన్నీ ఇన్వర్టర్ ఏసీలే కదరా, వాటికేటి చెయ్యాలి?" అన్నాడు బావ.

రెండో షరతు అదే. వాటిలో కామన్, స్టార్ట్, రన్ అని ఉండవు. మూడు వైండింగులూ ఒకటే రకం, ఏ రెండింటి మధ్య కొలిచినా దాదాపు ఒకే రీడింగ్ రావాలి, ఒకటి తేడాగా ఉంటే అప్పుడు అనుమానించాలి. మెగ్గర్ పెట్టొచ్చు, కానీ ముందు ఆ మూడు వైర్లూ కంప్రెసర్ దగ్గరే ఊడదీయాలి. ఇన్వర్టర్ బోర్డుకి కలిసి ఉండగా 500 వోల్టులు వదిలితే కంప్రెసర్ సంగతి తెలిసేలోపు బోర్డు పోతుంది.