బ్రూనో కీళ్ల నొప్పి: గమనించడం, కొలవడం, తగ్గించడం - నా అనుభవం

మా బ్రూనో లాబ్రడార్. పదేళ్లు దాటాయి. వాడికి రెండు తుంటి కీళ్లలో ఆస్టియో ఆర్థ్రైటిస్, అంటే కీళ్లు అరిగిపోయే జబ్బు ఉంది, ఎడమవైపు ఎక్కువ. ఈ జబ్బున్న ముసలి కుక్క నొప్పితో అరుస్తుందని, కుంటుతుందని చాలామంది అనుకుంటారు. వాడు అరవలేదు, మొదట్లో కుంటనూ లేదు. పనులు చేసే పద్ధతి మాత్రం మార్చుకున్నాడు.

పడుకుని లేచేటప్పుడు ముందు కాళ్ల మీద బరువంతా వేసి, ఒంటిని ముందుకు లాక్కుని, ఆ తర్వాతే వెనక భాగాన్ని ఎత్తేవాడు. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతేవాడు. కూర్చుంటే ఎడమ కాలు పక్కకి జారేది. మలవిసర్జనకి వంగినప్పుడు ఒక్కచోట నిలవలేక రెండడుగులు నడుస్తూ కానిచ్చేవాడు. స్నానం అయ్యాక ముక్కు నుంచి తోక దాకా దులుపుకునే అలవాటు కాస్తా మెడ దగ్గరే ఆగిపోయేది. వీటిలో ఏ ఒక్కటి విడిగా చూసినా పెద్దగా అనిపించదు. "వయసు మీద పడింది కదా, నిదానించాడు" అని మా అమ్మ అంది. నాకు మాత్రం ఆ మాట సరిపోలేదు. ఎందుకంటే లేచిన కొత్తలో బిగుసుకుపోయినట్టు నడిచి, కొంత దూరం వెళ్లాక సాఫీగా నడిచేవాడు. ఎక్కువ ఆడిన మర్నాడు మళ్లీ బిగుసుకునేవాడు. ఉత్త ముసలితనమైతే ఇలా పొద్దుటికీ సాయంత్రానికీ మారదు. విశ్రాంతి తర్వాత బిగుసుకోవడం, కదిలితే సర్దుకోవడం, శ్రమ తర్వాత పెరగడం కీళ్ల నొప్పి లక్షణాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు నేను చేసిన మంచి పని వీడియోలు తీయడం. ఆస్పత్రిలో కుక్కకి టెన్షన్‌గా ఉంటుంది, ఆ టెన్షన్‌లో నొప్పిని దాచేసి చక్కగా నడిచేస్తుంది. అందుకే వాడు నాకు ఎదురుగా వచ్చేటప్పుడు, నా నుంచి దూరంగా వెళ్లేటప్పుడు, పక్కనుంచి నడిచేటప్పుడు తీశాను. మధ్యాహ్నం నిద్ర నుంచి లేవడం, మెట్లెక్కడం కూడా తీశాను. డాక్టర్ గారు వాటిని స్లో మోషన్‌లో చూశారు. తర్వాత వెనక తొడలు రెండూ చేత్తో పట్టి చూసి, ఎడమ తొడ కండ సన్నబడిందని నా చేత కూడా పట్టించి చూపించారు. నొప్పి ఉన్న కాలిని తక్కువగా వాడితే కండ కరుగుతుంది. వెనక కాళ్ల గోళ్లు ఒకవైపు ఎక్కువ అరిగి ఉండటం కూడా ఆయనే చూపించారు.

ఎక్స్‌రేలో కీలు అంచుల్లో ఎముక పెరిగినట్టు కనిపించింది. "దీన్ని చూసి నొప్పి ఎంతో చెప్పలేమండీ. ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా హాయిగా తిరిగే కుక్కలుంటాయి, కొంచెమే కనిపించినా బాగా బాధపడేవీ ఉంటాయి. కొలవాల్సింది ఇంట్లో వాడు ఏం చేయగలుగుతున్నాడో" అన్నారాయన. ఆ తర్వాత మేం చేసిన ప్రతి నిర్ణయానికీ ఆ మాటే ఆధారం.

కొలవడానికి మాకు ఒక పద్ధతి చెప్పారు. వాడికి మాత్రమే సంబంధించిన పనులు నాలుగైదు ఎంచుకోవాలి. ప్రతి పనికీ చోటూ సమయమూ రాసుకోవాలి. "చురుగ్గా ఉన్నాడా" లాంటి ప్రశ్న పనికిరాదు, దానికి జవాబు మన మూడ్‌ని బట్టి మారిపోతుంది. నేను రాసుకున్నవి ఇవి: మధ్యాహ్నం నిద్ర తర్వాత లేవడం, సాయంత్రం మెట్లెక్కడం, మలవిసర్జనకి ఒక్కచోట వంగి ఉండగలగడం, నేను ఇంటికొచ్చినప్పుడు గుమ్మం దాకా రావడం, స్నానం తర్వాత ఒళ్లంతా దులుపుకోవడం. ఏ ఇబ్బందీ లేకపోతే 0, అసలు చేయలేకపోతే 4. వారానికోసారి అంకెలు వేసి, పాత వీడియో పక్కన కొత్తది పెట్టి చూసేవాళ్లం.

చికిత్సలో మందు, నడక, బరువు తగ్గించడం, ఈ మూడూ ఒకేసారి మొదలుపెట్టలేదు. ముందు మందు. నొప్పితో ఉన్న కుక్కని నడిపిస్తే అది నొప్పి కాలిని తప్పించి మిగతా కాళ్లతో నడుస్తుంది, కండ పెరగాల్సిన చోట పెరగదు. పైగా మందు ఒక్కటే ఇచ్చి చూస్తే, మనం ముసలితనం అనుకున్నదాంట్లో నొప్పి వాటా ఎంతో బయటపడుతుంది. కిడ్నీ, లివర్ రక్తపరీక్షలు చేశాక మెలాక్సికామ్ అనే నొప్పి మందుని ద్రవ రూపంలో రాశారు. మొదటి రోజు రెట్టింపు, తర్వాత రోజూ కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము చొప్పున, అన్నీ ఆహారంతో పాటే. వాంతులు, విరేచనాలు, నల్లటి మలం, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా మందు ఆపేసి ఫోన్ చేయమన్నారు. స్టెరాయిడ్లు కానీ ఇదే కోవకి చెందిన ఇంకో నొప్పి మందు కానీ దీంతో కలపకూడదు. మనుషుల మందుల డబ్బాలోని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. "పోనీ ఒక్క సగం మాత్ర" అనే మాట మా ఇంట్లో కూడా వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

రెండో వారానికల్లా లేవడానికి వేసే అంకె 3 నుంచి 1కి దిగింది. నన్ను కదిలించింది ఇంకొకటి. చాలాకాలంగా ముట్టని తాడు బొమ్మని నోట కరుచుకుని తెచ్చి నా ముందు పెట్టాడు. అది నా లిస్టులో లేదు. ఆడటం మానేయడం కూడా నొప్పి చెప్పే మాటేనని అప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. నొప్పి తగ్గిన కుక్కకి తన కీళ్లు అరిగాయని తెలియదు. బంతి వెనక పరుగు, హఠాత్తుగా మలుపు తిరగడం, సెలవు రోజున గంటల తరబడి ఆట, ఇవన్నీ మర్నాడు పడుకోబెట్టేస్తాయి. మేం మెడకి పట్టీ కట్టి, రోజుకి మూడుసార్లు, పది నిమిషాల చొప్పున ఒకే వేగంతో నెమ్మదిగా నడిపించడం మొదలుపెట్టాం. నెమ్మది ఎందుకంటే, వేగంగా వెళ్తే కుక్క నొప్పి కాలిని నేల మీద సరిగా మోపకుండా దాటేయగలదు. నిదానంగా నడిస్తే ప్రతి అడుగుకీ నాలుగు కాళ్లూ పనిచేయాలి. మర్నాడు లేచేటప్పుడు ముందురోజు కన్నా బిగుసుకుంటే ఆ నడక ఎక్కువైనట్టే. అప్పుడు రెండు రోజులు సగానికి తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచేవాళ్లం. ఏ తేడా లేకపోతే వారానికి ఒక్కో నడకకి రెండు నిమిషాలు కలిపేవాళ్లం. తర్వాత జారని చాప మీద కూర్చోవడం, లేవడం కొన్నిసార్లు చేయించాం. అది తొడ కండకి మంచి పని. కాలు పక్కకి జారకుండా గోడ పక్కన కూర్చోబెడితే సరిగా చేస్తాడు. నున్నటి నేల మీద వాడు తిరిగే దారంతా అలాంటి చాపలే పరిచాం.

బరువు సంగతే అన్నిటికన్నా కష్టం. వాడు 38 కిలోలు, ఉండాల్సింది 32. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. వాడికి రెండూ లేవు. కొవ్వు కీళ్ల మీద భారం మోపడమే కాదు, వాపుని పెంచే రసాయనాలు కూడా విడుదల చేస్తుంది. అయితే ఆరు కిలోలూ తగ్గేదాకా ఫలితం కోసం ఆగక్కర్లేదు. బరువెక్కువ ఉన్న కుక్కల్లో ఒంటి బరువులో 6 నుంచి 9 శాతం తగ్గినా కుంటడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మా వాడికి అది రెండున్నర కిలోల లెక్క. ఆ మాట మాకు పెద్ద ఊరట.

తిండి లెక్క ఇలా కట్టారు: 70 × 32^0.75, అంటే రోజుకి సుమారు 940 కేలరీలు. ఇప్పటి బరువుతో కాదు, చేరాల్సిన బరువుతో లెక్కించాలి. బరువు తగ్గడానికి తయారుచేసిన పొడి ఆహారానికి మారాం. పాతదాన్నే బాగా తగ్గించి పెడితే కేలరీలతో పాటు ప్రోటీనూ తగ్గి, మనం పెంచాలనుకుంటున్న కండే కరుగుతుంది. ప్యాకెట్ మీద వంద గ్రాములకి 350 కేలరీలని ఉంది. బిస్కెట్ల లాంటి చిరుతిళ్లకి పదో వంతు వదిలేసి మిగతాది లెక్కిస్తే రోజుకి 240 గ్రాములు వచ్చింది. కప్పుతో పోస్తే ప్రతిసారీ తేడా వస్తుంది, అందుకే వంటింటి తూకం మీద గ్రాముల్లో తూచేవాళ్లం. పొద్దున్నే ఆ రోజు వాటా మొత్తం ఒక డబ్బాలో వేసేవాళ్లం. ఎవరికి జాలేసినా ఆ డబ్బాలోంచే ఇవ్వాలి. ఇంట్లో గొడవలు దీంతోనే ఆగాయి. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే మంచి వేగం. మధ్యలో కొన్నాళ్లు తూకం కదల్లేదు. అప్పుడు డాక్టర్ గారిని అడిగి వాటాని ఇంకొంచెం తగ్గించాం.

ముప్పై ఐదున్నర కిలోల దగ్గర మెట్ల అంకె మారింది. అప్పటిదాకా మందుతో 2 దగ్గర ఆగిపోయింది, ఇప్పుడు 1. వీడియోలో వెనక కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మెట్టు ఎక్కుతున్నాయి.

బరువు తగ్గితే మందు మోతాదూ మారాలి. 38 కిలోలకి రోజుకి 3.8 మిల్లీగ్రాములు, 34కి వచ్చేసరికి 3.4. పాత కొలతే కొనసాగిస్తే తెలియకుండానే ఎక్కువ ఇస్తున్నట్టు. 34 దగ్గర డాక్టర్ గారు ఇంకో అడుగు వేశారు. వాడికి సరిపోయే అతి తక్కువ మోతాదు ఏదో చూద్దామని దాన్ని ఇంకా తగ్గించారు. మొదటి వారం అంతా బాగుంది. నడక వీడియోలో తేడా లేదు, కుంటడం లేదు. కానీ మలవిసర్జనకి వంగినప్పుడు మళ్లీ అడుగులు వేయడం మొదలైంది. దులుపుకోవడం మళ్లీ మెడ దగ్గర ఆగింది. ఆ రెండు అంకెలూ చూపించగానే మోతాదు వెనక్కి పెంచారు. కొద్ది రోజుల్లో రెండూ సర్దుకున్నాయి. కుంటడం కోసం ఎదురుచూసి ఉంటే వాడు అన్ని రోజులూ నొప్పి భరించేవాడు.

సప్లిమెంట్ల గురించి చాలామంది అడుగుతారు. గ్లూకోసమైన్‌కి ఆధారాలు బలంగా లేవు, మేం వాడలేదు. చేప నూనెలోని ఒమేగా-3కి కొంత మెరుగైన ఆధారం ఉంది, అది డాక్టర్ చెప్పిన కొలతలో ఇస్తున్నాం, దాని కేలరీలు కూడా రోజు లెక్కలో కలుపుతున్నాం. మెలాక్సికామ్‌తో సరిపోని కుక్కలకి వేరే కోవకి చెందిన గాబాపెంటిన్ అనే మందు కలుపుతారు. దాన్ని మనుషుల కోసం చేసిన ద్రవ రూపంలో కొనేముందు లేబుల్ చూడాలి. కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకి విషం.

ఇప్పుడు బ్రూనో 32 కిలోల దగ్గర నిలబడ్డాడు. ఆహారం వాటాని బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండేలా కొద్దిగా పెంచారు. రక్తపరీక్షలు ఆరు నెలలకోసారి చేయిస్తున్నాం. లిస్టులో దులుపుకోవడానికి, గుమ్మం దాకా రావడానికి 0, మిగతా వాటికి 1. చలి రోజుల్లో లేవడం 2కి వెళ్తుంది. అప్పుడు పొద్దుటి నడకని ఎండ వచ్చేదాకా వాయిదా వేసి, మొదటి ఐదు నిమిషాలు మరీ మెల్లగా నడిపిస్తున్నాం.