విరుగుడు ఎంచుకున్నాక మిగిలిన లెక్క: నా అనుభవం

పాత రికార్డుల వ్యవస్థలోని డేటాను కొత్తదానిలోకి తరలించే ప్రాజెక్టుకు నేను మేనేజరుగా ఉన్నాను. ప్రణాళికకు ఆమోదం రావాలంటే, ఎంత రిస్క్‌కు సిద్ధపడతామో చెప్పే రిస్క్ అపెటైట్‌ను స్పాన్సర్‌గారితో కూర్చుని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. గడువు కొంత జరిగినా ఫరవాలేదు గాని, ఒక్క రికార్డు కూడా పోకూడదని ఆయన అన్నారు. ఆయన వైఖరి తెలియడానికి ఆ మాట చాలు; ఏ రిస్క్‌ను నేనే చూసుకోవాలో, దేన్ని ఆయన దగ్గరికి తీసుకువెళ్లాలో మాత్రం దానివల్ల తేలదు. అందుకని ‘కొంత’ అంటే ఎంతో చెప్పమన్నాను.

చివరికి రెండు థ్రెషోల్డులు పెట్టుకున్నాం. సంభావ్యతను ప్రభావంతో గుణించగా వచ్చే ఆలస్యం 3 రోజులు దాటితే నిర్ణయం ఆయనది. సంభావ్యత ఎంత తక్కువైనా, జరిగితే 15 రోజులకు మించి ఆలస్యం చేసే రిస్క్ కూడా ఆయన దగ్గరికే వెళ్లాలి. ఈ రెండోది లేకపోతే, 5 శాతం అవకాశంతో 40 రోజులు వెనక్కి నెట్టగల రిస్క్ లెక్కలో 2 రోజులుగా కనబడి నా దగ్గరే ఆగిపోయేది.

మా రిజిస్టర్‌లో అన్నిటికన్నా పెద్ద రిస్క్, తరలించిన రికార్డులు పాతవాటితో సరిపోలకపోవడం. సంభావ్యత 40 శాతం, ప్రభావం 20 రోజులు, లెక్కకు 8 రోజులు. రెండు థ్రెషోల్డులనూ దాటింది. దీనికి విరుగుడుగా పాత, కొత్త వ్యవస్థలను కొంతకాలం పక్కపక్కన నడిపి, ప్రతి నమోదునూ రెంటిలోనూ ఎక్కించి, సాయంత్రం పోల్చి చూడాలని బృందం ప్రతిపాదించింది. అలా చేస్తే సంభావ్యత 10 శాతానికి, ప్రభావం 12 రోజులకు తగ్గుతుందని అంచనా వేశాం. అంటే మిగిలే రెసిడ్యువల్ రిస్క్ 1.2 రోజులు. మా ఫారంలో ఆ తర్వాత నింపవలసిన గడి లేదు కాబట్టి చాలామంది దృష్టిలో పని అక్కడితో అయిపోయింది.

సంతకానికి పంపేముందు నేను నమోదు విభాగం పర్యవేక్షకురాలిని కలిసి, ఒకే కాగితాన్ని రెండుసార్లు ఎక్కించమంటే మీవాళ్లు ఎలా చేస్తారని అడిగాను. “రద్దీ ఉన్న రోజున ఒకదానిలో ఎక్కించి, రెండోది రేపు చూద్దాంలే అని వదిలేస్తారండీ. సాయంత్రం తేడా వస్తే అది తరలింపులో జరిగిన తప్పో, మావాళ్లు వదిలేసిందో మీకెలా తెలుస్తుంది?” అన్నారామె. విరుగుడును తీసేస్తే ఈ రిస్క్ కూడా ఉండదు కాబట్టి, ఇది పాతదాని మిగులు కాదు, అచ్చమైన సెకండరీ రిస్క్. దానికి 30 శాతం, 15 రోజులు వేశాం; 4.5 వచ్చింది. దీనంతట ఇదే 3 రోజులను దాటింది. ఒకే నిర్ణయం నుంచి పుట్టి ఒకే గడువును దెబ్బతీసే రెంటినీ విడదీసి చూడడం సరికాదని నా అభిప్రాయం, కలిపితే 5.7. ఎనిమిదిని 1.2కు తగ్గించామని అనుకున్నచోట నిజంగా తగ్గింది 2.3 మాత్రమే.

అందుకని విరుగుడునే మార్చాం. నమోదు కొత్త వ్యవస్థలోనే జరుగుతుంది. రాత్రి ఒక ప్రోగ్రాం ఆ నమోదులను పాతదానిలోకి కాపీ చేస్తుంది. ఆ ప్రోగ్రాం ఎవరికీ తెలియకుండా ఆగిపోవచ్చు గనుక, రోజూ ఉదయం రెండువైపులా రికార్డుల సంఖ్యను సరిచూడాలని పెట్టాం. ఆ సెకండరీ రిస్క్ 10 శాతం, 5 రోజులు, అంటే 0.5. దీనికి ప్రతిఫలంగా కొంత వదులుకోవలసి వచ్చింది. తప్పుగా ఎక్కించింది ఇప్పుడు రెండుచోట్లకూ వెళుతుంది, విడిగా పోల్చే అవకాశం పోతుంది. అందువల్ల మొదటి రిస్క్‌లో మిగిలేది 15 శాతం, 12 రోజులు, అంటే 1.8కి పెరిగింది. అయినా మొత్తం 2.3 రోజులు, థ్రెషోల్డ్‌కు లోపలే.

లోపల ఉందంటే వదిలేయవచ్చని కాదు. 1.8 అన్నది సగటు లెక్క. జరిగితే పోయేది 12 రోజులు. అందుకే ఆ వరుసకు బాధ్యుడిగా ఒకరి పేరు, సరిపోలని రికార్డులు ఎన్ని దాటితే తరలింపు ఆపాలన్న హద్దు, ఆపితే పాత వ్యవస్థకు ఎలా తిరిగి వెళ్లాలన్న ప్రత్యామ్నాయ ప్రణాళిక రాశాం. స్పాన్సర్‌గారు గడువులో కొంత సమయాన్ని దీనికోసం నిల్వగా ఉంచారు.

ఆమోదం వచ్చిన రోజునే రిజిస్టర్‌లో అంకె తగ్గించమని కొందరు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ప్రోగ్రాం ఇంకా రాయనేలేదు, కాబట్టి ఆ రోజున మేము మోస్తున్నది 8 రోజుల రిస్కే. రిహార్సల్‌లో కాపీ సరిగా జరిగి, ఒక రాత్రి మేము కావాలని ప్రోగ్రాంను ఆపితే ఉదయం లెక్క ఆ లోటును పట్టుకున్న తర్వాతే 8 తీసి 1.8 రాశాను. సెకండరీ రిస్క్‌ను విడి వరుసలో, మూలమైన రిస్క్ సంఖ్యతో సహా నమోదుచేసి, ముగింపు గడిలో పాత వ్యవస్థను ఆపేసే తేదీ వేశాను. కాపీ ప్రోగ్రాం ఉన్నంతకాలమే ఆ వరుస ఉంటుంది.